మూసిన టికెట్ మళ్ళీ ఎందుకు తెరుచుకుంటుంది?

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఏ టీమ్‌లోనైనా రీఓపెన్ బటన్ ఎక్కువగా నొక్కేది టెస్టర్లే కాబట్టి, ఆ బటన్ మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. మొదటిది ఇది. టికెట్ రీఓపెన్ కాగానే డెవలపర్ సరిగ్గా చేయలేదని ఒకరు, టెస్టర్‌కు చాదస్తం ఎక్కువని ఇంకొకరు అనుకుంటారు. రెండూ తొందరపాటే. చాలాసార్లు ఆ పని ఎక్కడ ఆగాలో టికెట్‌లో ఎవరూ రాసి ఉండరు. రాయనప్పుడు ఎవరి మనసులో ఉన్న గీత దగ్గర వాళ్ళు ఆగుతారు. తర్వాత చూసినవాళ్ళు దాన్ని తమ గీత దాకా లాగుతారు. పని మొదలయ్యే ముందు పావుగంటలో తేలాల్సిన బేరం, పని అయ్యాక వాయిదాల పద్ధతిలో నడుస్తుంది. ఒక్కో వాయిదాకు ఒక్కో రీఓపెన్.

దీన్ని ఊరికే చెప్తే ఎవరూ కాదనరు, ఎవరూ మారరు కూడా. అందుకని ఒక టికెట్‌ను మొదటినుంచి చివరిదాకా విప్పి చూపిస్తాను. అది చాలా మామూలు టికెట్. వివరాలు కొద్దిగా మార్చాను కానీ జరిగిన క్రమం అదే.

టికెట్ శీర్షిక: ఆర్డర్ల రిపోర్టుకు ఎక్స్‌పోర్ట్ బటన్. కింద వివరణ ఒక్క వాక్యం: "రిపోర్ట్ పేజీలో ఎక్స్‌పోర్ట్ నొక్కితే సీఎస్‌వీ ఫైల్ డౌన్‌లోడ్ కావాలి." అంచనా రెండు రోజులు. మీటింగులో దీని గురించి ఎవరూ రెండో మాట మాట్లాడలేదు, ఎందుకంటే అందరికీ అర్థమైంది. అర్థమైంది అనిపించే టికెట్ల దగ్గరే నాకు భయం.

డెవలపర్ బటన్ పెట్టాడు. నొక్కితే ఫైల్ వచ్చింది. టికెట్‌లో రాసింది రాసినట్టు జరిగింది. క్లోజ్ చేశాడు.

ప్రోడక్ట్ మేనేజర్ ఒక నెల ఆర్డర్లకు ఫిల్టర్ పెట్టి నొక్కింది. పేజీ పైన "మొత్తం 1,840" అని ఉంది. ఫైల్లో 50 వరుసలే వచ్చాయి. రిపోర్ట్ పేజీకి 50 చొప్పున చూపిస్తుంది, ఎక్స్‌పోర్ట్ ఆ కనిపిస్తున్న పేజీని మాత్రమే తీసుకుంది. "అన్నీ రావాలి కదా, ఇదేం ఎక్స్‌పోర్ట్?" అని ఆమె. "స్క్రీన్ మీద ఉన్నదే కదండీ ఫైల్లోకి రావాల్సింది, అలాగే చేశాను" అని అతను. ఇద్దరివీ సమంజసమైన మాటలే. రెండు రకాలుగానూ పనిచేసే ఉత్పత్తులు బోలెడున్నాయి. మొదటి రీఓపెన్.

ఈసారి వరుసలన్నీ వచ్చాయి. కానీ ఎక్సెల్‌లో తెరిస్తే ఇంగ్లీషు కాని పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా మారిపోయాయి. అదే ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే పేర్లు చక్కగా ఉన్నాయి. కారణం తెలిసినవాళ్ళకు ఇది పాత కథే. ఫైల్ యూటీఎఫ్-8లో ఉంది, అందులో తప్పు లేదు. అయితే సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు, ఫైల్ మొదట్లో `EF BB BF` అనే మూడు బైట్లు లేకపోతే, విండోస్‌లో ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8 అనుకోకుండా ఆ కంప్యూటర్‌కు ఉన్న పాత కోడ్ పేజీతో చదివే అవకాశం ఎక్కువ. ఆ మూడు బైట్లనే బామ్ అంటారు. అవి చేరిస్తే ఎక్సెల్ సమస్య తీరుతుంది. కానీ ఇదే ఫైల్‌ను ఏదైనా స్క్రిప్ట్ చదువుతుంటే, దానికి మొదటి కాలమ్ పేరు ముందు కంటికి కనపడని అక్షరం ఒకటి అతుక్కుని వస్తుంది. అప్పుడు ఆ స్క్రిప్ట్‌కు `order_id` అనే కాలమ్ దొరకదు. అంటే ఇది బగ్ కాదు, తీసుకోవాల్సిన నిర్ణయం: ఈ ఫైల్‌ను తెరిచేది మనిషా, ప్రోగ్రామా? టికెట్‌లో ఆ ప్రశ్నే లేదు. రెండో రీఓపెన్.

తర్వాత పెద్ద కస్టమర్ ఒకరు ఏడాది మొత్తానికి ఎక్స్‌పోర్ట్ పెట్టారు. నిమిషం తిరిగాక తెర మీద 504 టైమౌట్ ఎర్రర్ వచ్చింది. సర్వర్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రాక్సీ ఉంది. వెనక నుంచి 60 సెకన్ల పాటు ఒక్క బైటు కూడా రాకపోతే అది తెగ్గొట్టేస్తుంది, డిఫాల్ట్ `proxy_read_timeout` అంతే. మా కోడ్ ఫైల్ మొత్తం తయారుచేశాకే పంపడం మొదలుపెడుతోంది కాబట్టి పెద్ద ఫైల్ అయితే ఆ 60 సెకన్లూ మౌనమే. దీనికి మూడు దారులున్నాయి. టైమౌట్ పెంచవచ్చు, అది ఐదు నిమిషాల పని, కొన్నాళ్ళకు మళ్ళీ అదే గోల. వరుసలు తయారవుతుండగానే పంపడం మొదలుపెట్టవచ్చు, అది ఒకటి రెండు రోజులు. లేదా ఫైల్‌ను వెనక తయారుచేసి లింకు మెయిల్ చేయవచ్చు, దానికి వారం పైనే పడుతుంది. మూడింటి ఖర్చులో అంత తేడా ఉంది. ఏది కావాలో చెప్పడానికి ఒక్క అంకె చాలు: ఎన్ని వరుసల దాకా పనిచేయాలి? ఆ అంకె టికెట్‌లో లేదు. రెండు రోజులని అంచనా వేసినప్పుడు మేమంతా అంచనా వేసింది వేరువేరు పనులకు.

అక్కడితో ఆగలేదు. స్క్రీన్ మీద వ్యూయర్ రోల్ ఉన్నవాళ్ళకు కస్టమర్ ఫోన్ నంబర్ కాలమ్ కనపడదు. ఫైల్లో మాత్రం దర్జాగా ఉంది. ఇది మిగతావాటిలా అభిప్రాయ భేదం కాదు, డేటా బయటికి పోవడమే. అయినా చూడండి, ఆ నిబంధన స్క్రీన్ కోడ్‌లో ఉంది తప్ప "ఫోన్ నంబర్ ఏ దారిలోనూ వ్యూయర్‌కు చేరకూడదు" అని ఎక్కడా లేదు.

అన్నీ సరిచేశాక, రిలీజ్ కూడా అయ్యాక, సపోర్ట్ వాళ్ళ నుంచి మెసేజ్: "కస్టమర్‌కు ఎక్స్‌పోర్ట్ బటన్ కనిపించడం లేదంటున్నారు." కోడ్ ప్రొడక్షన్‌లో ఉంది కానీ దాన్ని కస్టమర్లకు ఆన్ చేసే ఫీచర్ ఫ్లాగ్ ఆపేసి ఉంది. ఆన్ చేయాల్సింది ఎవరో తేలలేదు. డెవలపర్ తన పని రిలీజ్‌తో అయిపోయిందనుకున్నాడు, ప్రోడక్ట్ మేనేజర్ రిలీజ్ అంటే ఆన్ అయినట్టే అనుకుంది. మళ్ళీ అదే టికెట్ తెరిచారు.

ఇప్పుడు ఆ టికెట్ హిస్టరీ తెరిచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి: `Done` నుంచి `In Progress`, `Done` నుంచి `In Progress`. రిట్రాస్పెక్టివ్‌లో ఎవరో ఒకరు "క్వాలిటీ మీద శ్రద్ధ పెట్టాలి" అంటారు, అందరూ తలూపుతారు. కానీ ఆ ఐదు సంఘటనలు ఐదు రకాలు. 50 వరుసల సంగతి ఆ ఒక్క టికెట్‌కు చెందిన అస్పష్టత. ఎక్సెల్ సంగతి, ఎవరి కోసం చేస్తున్నామో తేల్చుకోకపోవడం. 504 పరిమాణం రాయకపోవడం వల్ల వచ్చింది. ఫోన్ నంబర్ విషయం ప్రతి టికెట్‌కూ వర్తించే నియమం, దాన్ని ఈ టికెట్‌లో వెతకడమే తప్పు. ఫ్లాగ్ విషయంలో కోడ్‌తో సంబంధమే లేదు, పని ఏ స్థితికి చేరితే అయినట్టో ఒప్పందం లేదు. వీటన్నిటికీ "జాగ్రత్తగా చేయండి" అన్న ఒకే మందు వేస్తే ఏ ఒక్కటీ నయం కాదు.

ఇక్కడ డెఫినిషన్ ఆఫ్ డన్ గురించి మాట్లాడాలి. దీన్నీ యాక్సెప్టెన్స్ క్రైటీరియానూ కలిపేయడం నేను చూసే అతి సాధారణమైన గందరగోళం. యాక్సెప్టెన్స్ క్రైటీరియా ఆ ఒక్క టికెట్‌వి. ఫిల్టర్‌కు సరిపడే వరుసలన్నీ ఫైల్లో ఉండాలన్నది ఎక్స్‌పోర్ట్ టికెట్‌కే వర్తిస్తుంది, లాగిన్ పేజీ టికెట్‌కు దాంతో పనిలేదు. డెఫినిషన్ ఆఫ్ డన్ ఉత్పత్తి మొత్తానిది, ప్రతి టికెట్‌కూ వర్తిస్తుంది. డేటా ఏ దారిలో బయటికి వెళ్ళినా అన్ని రోల్స్‌తోనూ చూడాలి అన్నది అలాంటిది. 2020 నవంబర్‌లో వచ్చిన స్క్రమ్ గైడ్ దీన్ని ఇంక్రిమెంట్‌కు సంబంధించిన కమిట్‌మెంట్ అంటుంది. ఆ నిర్వచనానికి అందని పనిని రిలీజ్ చేయకూడదు సరికదా, స్ప్రింట్ రివ్యూలో చూపించనే కూడదని, అది ప్రోడక్ట్ బ్యాక్‌లాగ్‌కు తిరిగి వెళ్ళాలని కూడా అందులో ఉంది. స్క్రమ్ చేస్తున్నామని చెప్పే టీమ్‌లు ఈ ఒక్క వాక్యాన్ని పాటించడం నేను చాలా తక్కువగా చూశాను. రివ్యూలో "తొంభై శాతం అయింది, డెమో ఇస్తాం" అనేది మామూలే. డెమో చూసినవాళ్ళు పని అయిపోయిందనుకుంటారు. ఆ మిగిలిన పది శాతం తర్వాతి స్ప్రింట్‌లో రీఓపెన్ రూపంలో వస్తుంది. పాయింట్లు మాత్రం అప్పటికే లెక్కలోకి పోయి ఉంటాయి. అందుకే తర్వాతి స్ప్రింట్‌లో టీమ్ ఎందుకు నెమ్మదించిందో ఎవరికీ అంతుపట్టదు.

చాలా టీమ్‌లకు డెఫినిషన్ ఆఫ్ డన్ పేరుతో వికీలో ఒక పేజీ ఉంటుంది. తెరిస్తే ఇలాంటివి కనిపిస్తాయి: కోడ్ రివ్యూ అయింది, టెస్టింగ్ పూర్తయింది, డాక్యుమెంటేషన్ అప్‌డేట్ అయింది, పెర్ఫార్మెన్స్ బాగుంది. మా ఎక్స్‌పోర్ట్ టికెట్ మొదటిసారి క్లోజ్ అయినప్పుడు ఈ నాలుగింటికీ టిక్ పెట్టవచ్చు. అబద్ధం ఆడకుండానే పెట్టవచ్చు. రివ్యూ అయింది, డెవలపర్ టెస్ట్ చేశాడు, వికీలో ఒక లైను చేర్చాడు, తన దగ్గరున్న కొద్దిపాటి ఆర్డర్లతో ఫైల్ వెంటనే వచ్చింది. ఏ టికెట్ వచ్చినా అడ్డుకోలేని జాబితా ఉన్నా లేనట్టే. పైగా టిక్ మార్కులు కనిపిస్తాయి కాబట్టి అంతా చూశారన్న ధీమా ఇస్తుంది. అసలు జాబితా లేని టీమ్ కనీసం అనుమానంతో ఉంటుంది.

ఒక లైను పనికొచ్చేదో కాదో తేల్చడానికి నేను వాడే పరీక్ష ఒక్కటే. ఆ మీటింగులో లేని ఇద్దరికి విడివిడిగా ఆ లైను ఇచ్చి, పని అయిందో లేదో చూసి చెప్పమనాలి. ఇద్దరూ మళ్ళీ మనల్ని ఏమీ అడగకుండా ఒకే జవాబు చెప్పగలగాలి. అలా చెప్పాలంటే వాళ్ళకు నాలుగు సంగతులు తెలియాలి: ఎక్కడ చూడాలి, ఏ డేటాతో చూడాలి, ఏం చేయాలి, ఏం కనిపించాలి. సరిగ్గా, వేగంగా, తగిన విధంగా, అవసరమైన చోట, ఇలాంటి మాటలు లైనులో ఉన్నాయంటే ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ఎగిరిపోయిందని అర్థం. అసలు ఆ మాటలు వచ్చేదే మనకు జవాబు తెలియనప్పుడు. "వేగంగా" అని రాసే చేతికి ఎన్ని సెకన్లో తెలిస్తే సెకన్లే రాసేది.

ఆ టికెట్‌ను ఈ పద్ధతిలో ముందే రాసి ఉంటే ఇలా ఉండేది:

> ఫిల్టర్ పెట్టి ఎక్స్‌పోర్ట్ నొక్కితే, ఫైల్లో వరుసల సంఖ్య (శీర్షిక వరుస కాకుండా) పేజీ పైన కనిపించే మొత్తానికి సమానంగా ఉండాలి.
>
> ఫైల్‌ను ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరిస్తే ఇంగ్లీషు కాని పేర్లు స్క్రీన్ మీద ఉన్నట్టే కనిపించాలి. ప్రోగ్రామ్‌లు ఈ ఫైల్ చదవవు, వాటికి ఏపీఐ ఉంది.
>
> లక్ష వరుసల దాకా, స్టేజింగ్‌లోని పెద్ద డేటాతో, ఫైల్ ఎర్రర్ లేకుండా పూర్తిగా రావాలి. అంతకు మించితే "తేదీల పరిధి తగ్గించండి" అన్న సందేశం రావాలి.
>
> ఇందులో లేనివి: ఎక్సెల్ సొంత ఫార్మాట్, షెడ్యూల్ చేసి పంపడం, కాలమ్‌ల ఎంపిక. సున్నాతో మొదలయ్యే నంబర్లను ఎక్సెల్ మార్చేస్తే అది ఈ టికెట్‌లో చూడం.

రాయడానికి పావుగంట. నిజానికి రాత పెద్ద పని కాదు, లక్ష అన్న అంకె దగ్గర జరిగే వాదనే పని. ప్రోడక్ట్ మేనేజర్ పది లక్షలు అంటుంది, డెవలపర్ అయితే వారం పడుతుందంటాడు, అప్పుడు ఆమె లక్షకు దిగుతుంది. లేదా వారం ఇస్తుంది. ఏదైనా సరే, 504 వచ్చాక కస్టమర్ ముందు జరగాల్సిన మాట కోడ్ రాయకముందే జరిగిపోతుంది.

చివరి లైను మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. ఏం చేయాలో రాసే టీమ్‌లు చాలానే ఉన్నాయి, ఏం చేయమో రాసేవి తక్కువ. ఎక్సెల్ సీఎస్‌వీ తెరిచేటప్పుడు 00451 లాంటి కోడ్‌ను 451 చేసేస్తుంది. మన ఫైల్లో సున్నాలు ఉన్నా సరే. దాన్ని ఎవరో ఒకరు ఏదో ఒకరోజు కచ్చితంగా చూస్తారు, చూసినరోజు ఈ టికెట్‌నే తెరుస్తారు. ముందే రాసిపెడితే అప్పుడు జరిగేది రీఓపెన్ కాదు, కొత్త టికెట్. దానికి కొత్త అంచనా, కొత్త ప్రాధాన్యం ఉంటాయి. అంత అవసరమా అని ఆలోచించే అవకాశం కూడా ఉంటుంది. రీఓపెన్‌కు ఆ ఆలోచన ఉండదు, పాత టికెట్ ప్రాధాన్యంతోనే దూసుకొస్తుంది.

రోల్స్ సంగతి, ఫ్లాగ్ సంగతి పైన రాయలేదని గమనించే ఉంటారు. అవి టికెట్‌లో ఉండకూడదు. ప్రతి టికెట్‌లోనూ రాయాల్సి వస్తే ఎవరో ఒకరు ఏదో ఒక టికెట్‌లో మరచిపోతారు. నేను పాటించే పద్ధతి ఇది: ఒక కారణంతో ఒక టికెట్ తెరుచుకుంటే అది ఆ టికెట్ గొడవ. అదే కారణంతో సంబంధం లేని ఇంకో టికెట్ తెరుచుకుంటే అది డెఫినిషన్ ఆఫ్ డన్‌లోకి ఎక్కాలి. ఎక్కినప్పుడు "సెక్యూరిటీ చూశాం" అని కాకుండా, "డేటా బయటికిచ్చే ప్రతి చోటా అడ్మిన్, ఎడిటర్, వ్యూయర్ మూడు అకౌంట్లతో చూశాం" అని ఎక్కాలి. ఫ్లాగ్ లైను ఇంకా సూటిగా ఉండాలి: ఫ్లాగ్ ఉంటే, దాన్ని ఎవరు ఎప్పుడు ఆన్ చేస్తారో టికెట్‌లో పేరు ఉండాలి. దీనికి రెండో వైపు కూడా ఉంది. నెలల తరబడి ఒక్క టికెట్‌నూ ఆపని లైనును తీసేయాలి, లేదా మెషీన్‌తో చేయించాలి. జాబితా ఇరవై లైన్లు దాటితే చదివేవాళ్ళు ఉండరు, టిక్ పెట్టేవాళ్ళే ఉంటారు.

టూల్స్ గురించి ఒక మాట. పని ఎప్పుడు అయినట్టో మనం నిర్ణయించకపోతే టూల్ నిర్ణయిస్తుంది. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ వివరణలో `Fixes #412` అని రాస్తే, అది డిఫాల్ట్ బ్రాంచ్‌లోకి మెర్జ్ కాగానే 412వ ఇష్యూ దానంతట అదే మూసుకుంటుంది. సౌకర్యమే, కాదనను. కానీ ఆ క్షణంలో కోడ్ ఇంకా ఏ సర్వర్ మీదకూ వెళ్ళి ఉండకపోవచ్చు. రిపోర్ట్ చేసిన మనిషికి "మూసేశాం" అని మెయిల్ వెళ్తుంది. అతను వెళ్ళి చూస్తాడు, పాతదే ఉంటుంది, తెరుస్తాడు. ఇది నూటికి నూరుపాళ్ళు టూల్ పుట్టించిన రీఓపెన్. దీనికి భిన్నంగా బగ్‌జిల్లాలో ఎప్పటినుంచో `RESOLVED`, `VERIFIED` అని రెండు వేరు స్థితులున్నాయి. మొదటిది చేసినవాళ్ళ మాట, రెండోది చూసినవాళ్ళ మాట. చాలా టీమ్‌లు తమ బోర్డులో ఈ రెంటినీ కలిపి ఒకే `Done` కాలమ్ చేసుకున్నాయి. చూడటానికి శుభ్రంగా ఉంటుంది. కానీ అప్పుడు చేసినవాళ్ళ మాటను చూసినవాళ్ళు కాదనడం కూడా "వెనక్కి పోవడం" లాగే కనిపిస్తుంది, నిజానికి అది మామూలుగా జరగాల్సిన పరిశీలన.

ఇంతవరకూ చెప్పిందంతా ముందే చూడగలిగిన పనులకు. రాసి గీత గీయడం కష్టమయ్యే పనులు కూడా ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువగా విసిగించేవి అప్పుడప్పుడు మాత్రమే వచ్చే బగ్‌లు. "కొన్నిసార్లు పేమెంట్ రెండుసార్లు పడుతోంది" లాంటివి. డెవలపర్ ఏదో మారుస్తాడు, ఇరవై సార్లు నడిపి చూస్తాడు, రాలేదు, క్లోజ్. కొన్నాళ్ళకు ఎక్కడో మళ్ళీ వస్తుంది, రీఓపెన్. ఇంకేదో మారుస్తాడు, మళ్ళీ ఇరవై సార్లు.

ఇక్కడ గీత గీయడానికి కొంచెం లెక్క కావాలి. ఆ బగ్ సగటున 200 సార్లకు ఒకసారి వస్తోందనుకుందాం. అంటే ఒక్కసారి నడిపితే రాకుండా ఉండే అవకాశం 0.995. ఇరవై సార్లు వరసగా రాకుండా ఉండే అవకాశం 0.995ను ఇరవై సార్లు గుణిస్తే వచ్చేది, దాదాపు 0.90. అంటే అసలేమీ బాగుచేయకుండా వదిలేసినా, ఇరవై సార్ల పరీక్ష పదింట తొమ్మిదిసార్లు పాస్ అవుతుంది. దాన్ని పరీక్ష అనలేం. బాగుచేయకపోయి ఉంటే ఈపాటికి వచ్చేసేది అని నమ్మకంగా అనాలంటే, ఆ అవకాశం 5 శాతానికి దిగాలనుకుంటే, 600 సార్లు నడపాలి. గుర్తుపెట్టుకోవడం తేలికే: బగ్ ఎన్నిసార్లకు ఒకసారి వస్తుందో దానికి మూడు రెట్లు. అయితే ప్రతి రన్ మిగతావాటితో సంబంధం లేకుండా, ఒకే పరిస్థితుల్లో జరగాలి. ఖాళీగా ఉన్న మెషీన్ మీద 600 సార్లు నడిపి, లోడ్ ఉన్నప్పుడే వచ్చే బగ్ పోయిందనుకుంటే లాభం లేదు.

దీన్నుంచి ఇంకో సంగతి బయటపడుతుంది. మార్పు చేయకముందు బగ్ ఎంత తరచుగా వస్తోందో కొలవకపోతే, మార్పు తర్వాత రాకపోవడానికి విలువ లేదు. అందుకే ఇలాంటి టికెట్లలో పని అయినట్టు చెప్పే మొదటి షరతు బాగుచేయడం గురించి కాదు: "పాత కోడ్‌తో ఈ స్క్రిప్ట్ నడిపితే ఇన్నిసార్లకు ఒకసారి ఫెయిల్ అవుతోంది" అని రాసి ఉండాలి. ఆ వాక్యం రాయలేని స్థితిలో టికెట్ క్లోజ్ చేయమని నన్నడిగితే ఒప్పుకోను. ప్రొడక్షన్‌లో తప్ప ఎక్కడా రాని బగ్ అయితే, అది జరిగినప్పుడు లాగ్‌లో ఏ లైను పడుతుందో తేల్చుకుని, మార్పు వెళ్ళాక ఎన్ని లావాదేవీల దాకా ఆ లైను కోసం చూడాలో రాసుకోవాలి. అన్నాళ్ళూ టికెట్ `RESOLVED`లో ఉంటుంది, ఉండనివ్వాలి. బోర్డు శుభ్రంగా కనిపించాలని దాన్ని తోసేయడం వల్ల ఎవరికీ మేలు లేదు.

"పేజీ ఎందుకు నెమ్మదిగా ఉందో చూడండి" లాంటి వెతుకులాట పనుల సంగతి చిన్నదే. వాటికి ఫలితంతో గీత గీయలేం, సమయంతో గీయాలి. రెండు రోజులు వెతికి, దొరికింది దొరకనిది రాసి, తర్వాత ఏం చేయాలో ఎవరు నిర్ణయిస్తారో చెప్పి మూసేయాలి. నెమ్మది తగ్గించడం వేరే టికెట్.

మేనేజర్లు ఈ సమస్యను ఎలా పట్టుకుంటారో కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడే అది ఎక్కువగా చెడిపోతుంది. వాళ్ళకు మొదట తట్టేది రీఓపెన్ల సంఖ్యను కొలవడం. జిరాలో అది ఒక్క లైను:

```
status CHANGED FROM "Done" AFTER -90d
```

చూడటానికి ఇది మంచి పనే. నేనూ వాడతాను, టికెట్లను ఒక్కొక్కటిగా తెరిచి చదవడానికి. కానీ ఆ సంఖ్య టీమ్ లక్ష్యంగా మారిన మరుక్షణం నుంచి రీఓపెన్లు తగ్గిపోతాయి, తిరుగుడు మాత్రం తగ్గదు. టెస్టర్ దగ్గరికి వచ్చి "రీఓపెన్ చేయకండి, చాట్‌లో చెప్పండి, చేసేస్తా" అంటారు. లేదా "ఎక్స్‌పోర్ట్ ఫాలోఅప్" అని, తర్వాత "ఎక్స్‌పోర్ట్ ఫాలోఅప్ 2" అని కొత్త టికెట్లు పుడతాయి. ఇది జరుగుతోందో లేదో కనిపెట్టడం కష్టం కాదు. ఒక టికెట్ క్లోజ్ అయిన రెండు వారాల లోపు దానికి లింకు అయి పుట్టిన టికెట్లను చూడండి. రీఓపెన్లు తగ్గుతున్న నెలల్లోనే ఇవి పెరుగుతుంటే, పని అక్కడికి తరలిందన్నమాట.

సంఖ్యకు బదులు కారణం అడగడం మేలు. రీఓపెన్ చేసేటప్పుడు తప్పనిసరిగా ఒకటి ఎంచుకోవాల్సిన చిన్న ఫీల్డ్ పెడితే చాలు: రాసింది జరగలేదు, రాయాల్సింది రాయలేదు, కొత్త కోరిక, ముందు పనిచేసింది ఇప్పుడు ఆగింది. మొదటిది డెవలపర్ వైపు చూడాల్సిన సంగతి. రెండోది టికెట్ రాసిన రోజు కూర్చున్న అందరిదీ, టెస్టర్‌తో సహా. మూడోది ఎంచుకున్నవాళ్ళను వెంటనే ఆపి కొత్త టికెట్ తెరవమనాలి. టెస్టర్లకు కూడా ఇది వర్తిస్తుంది. పనిలో పనిగా ఇదీ చూడండి అని పాత టికెట్‌లోనే ఇంకో కామెంట్ పెట్టడం మాకు తేలిక, కొత్తది రాయాలంటే మళ్ళీ స్టెప్స్, స్క్రీన్‌షాట్లు, వర్షన్ అన్నీ కావాలి. ఆ తేలిక వల్లే ఒక్కోసారి మూడు వేర్వేరు సమస్యలు ఒకే టికెట్ కింద ముప్పై కామెంట్లుగా పేరుకుంటాయి. ఏది తీరిందో ఏది తీరలేదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

నాలుగో రకం మీద మాత్రం టీమ్‌లలో వాదన తెగదు. మూడు నెలల క్రితం పనిచేసిన ఎక్స్‌పోర్ట్ నిన్నటి రిలీజ్‌లో ఆగిపోయింది. పాత టికెట్ తెరవాలా, కొత్తదా? చరిత్ర అంతా అందులోనే ఉంది కాబట్టి పాతదే తెరవాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ టికెట్‌కు `fixVersion` ఉంది, ఆ వర్షన్ రిలీజ్ అయింది, ఆ వర్షన్‌లో అది నిజంగానే పనిచేసింది. ఇప్పుడు దాన్ని తెరిస్తే పాత రిలీజ్‌లో ఏం వెళ్ళిందన్న రికార్డు తప్పవుతుంది. సపోర్ట్ వాళ్ళు ఆ వర్షన్ వాడుతున్న కస్టమర్‌కు "మీ దగ్గర ఇది ఇంకా సరికాలేదు" అని తప్పు జవాబు చెప్తారు. రిలీజ్ కానంతవరకూ ఎన్నిసార్లైనా తెరవండి. రిలీజ్ అయ్యాక కొత్త టికెట్ రాసి, పాతదాన్ని లింకు చేసి, కింద ఏ వర్షన్ నుంచి ఆగిందో రాయండి.